వియన్నా నుంచి కృష్ణా డెల్టా దాకా: 1931 బ్యాంకు సంక్షోభం ఒక కేస్ స్టడీ

బ్యాంకు ట్రెజరీలో లిక్విడిటీ లెక్కలు చూడటం నా ఉద్యోగం. రేపు ఉదయం ఎంత డబ్బు బయటికి పోవచ్చు, ఎంత లోపలికి రావచ్చు, తేడా వస్తే ఎక్కడి నుంచి తేవాలి అన్నదే రోజూ పని. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు అందరూ 2008 ఆర్థిక సంక్షోభం గురించి చెప్పమంటారు. నేను మాత్రం 1931 దగ్గరే మొదలుపెడతాను. మహా మాంద్యం అనగానే 1929 అక్టోబరులో వాల్ స్ట్రీట్ షేర్లు పడిపోవడమే గుర్తొస్తుంది. నిజానికి షేర్ల పతనం తర్వాత కూడా చాలా దేశాలు దాన్ని మామూలు మాంద్యంగానే చూశాయి. 1930లో ధరలు పడ్డాయి, అమెరికా ఆ ఏడాది జూన్‌లో దిగుమతి సుంకాలు బాగా పెంచింది, ఇతర దేశాలూ అదే దారి పట్టాయి. అప్పటికీ కోలుకోవచ్చనే ఆశ ఉండేది. ఆ ఆశను చంపింది 1931 మే నుంచి అక్టోబరు వరకు నడిచిన బ్యాంకుల కథ.

ఆ ఆరు నెలలనే ఇక్కడ కేసుగా తీసుకుంటున్నాను. జబ్బు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎలా పాకిందో, ప్రభుత్వం ఏం చేయాలన్న ఆలోచన ఎందుకు మారాల్సి వచ్చిందో రెండూ ఇందులోనే కనిపిస్తాయి. ఈ రెండింటినీ విడివిడిగా చెప్పేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో అవి ఒకటే కథ. దేశాల డబ్బును బంగారంతో ముడిపెట్టిన నిబంధనే మాంద్యాన్ని మోసుకెళ్లింది, ప్రభుత్వాల చేతులనూ కట్టేసింది. ఆ నిబంధన తెగిన చోటల్లా ప్రభుత్వం పాత్ర మారింది.

వియన్నాలో మొదలు

క్రెడిటాన్‌స్టాల్ట్ ఆస్ట్రియాలో అతి పెద్ద బ్యాంకు. 1855లో రాత్‌స్‌చైల్డ్ కుటుంబం పెట్టింది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ఉన్న రోజుల్లో మధ్య ఐరోపా అంతటా దానికి ఖాతాదారులుండేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సామ్రాజ్యం ముక్కలై ఆస్ట్రియా చిన్న దేశంగా మిగిలింది కానీ బ్యాంకు మాత్రం పాత సైజులోనే ఉండిపోయింది. దాని బ్యాలన్స్ షీటు దాదాపు ఆస్ట్రియా ప్రభుత్వ వార్షిక బడ్జెట్ అంత ఉండేది. దేశంలోని ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం దాని అప్పుల మీదే నడిచేవి. వాటిలో చాలావాటిలో దానికి వాటాలు కూడా ఉన్నాయి.

1929 అక్టోబరులో బోడెన్‌క్రెడిటాన్‌స్టాల్ట్ అనే ఇంకో పెద్ద బ్యాంకు దివాలా అంచుకు చేరింది. ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి దాన్ని క్రెడిటాన్‌స్టాల్ట్‌లో కలిపేయించింది. మా రంగంలో ఇలాంటివి ఇప్పటికీ జరుగుతాయి. చెడ్డ బ్యాంకును మంచి బ్యాంకులో కలిపేస్తే సమస్య తీరిందనుకుంటారు. నష్టం ఎక్కడికీ పోదు, చిరునామా మారుతుందంతే. ఇక్కడ ఆ నష్టాలు లెక్కల్లోకి రావడానికి ఏడాదిన్నర పట్టింది.

1931 మే 8న బ్యాంకు డైరెక్టర్లు ప్రభుత్వానికి అసలు సంగతి చెప్పారు. మే 11న బయటి ప్రపంచానికి ప్రకటించారు. 1930 సంవత్సరానికి నష్టం 14 కోట్ల షిల్లింగులు. బ్యాంకు సొంత పెట్టుబడి, రిజర్వులు కలిపి చూస్తే అందులో సుమారు 85 శాతం తుడిచిపెట్టుకుపోయింది. ప్రకటనతో పాటే ప్రభుత్వం 10 కోట్ల షిల్లింగులు పెడుతుందని, దేశ కేంద్ర బ్యాంకైన జాతీయ బ్యాంకు, రాత్‌స్‌చైల్డ్ కుటుంబం కూడా తలా కొంత వేస్తాయని చెప్పారు. అంటే జబ్బూ మందూ ఒకేరోజు ప్రకటించారు. అయినా మర్నాటి నుంచే డబ్బు తీసుకోవడానికి జనం కౌంటర్ల దగ్గర గుమిగూడారు.

ఒక ట్రైనీ అమ్మాయి ఇక్కడే నన్ను ఆపి అడిగింది. "సార్, ప్రభుత్వమే వెనక నిలబడ్డాక ఇంకా భయమెందుకు? మన దగ్గర గవర్నమెంట్ బ్యాంకు అంటే అందరూ ధీమాగా ఉంటారు కదా."

ఈ కేసులో కీలకమైన ప్రశ్న అదే. ఇవాళ మన ప్రభుత్వం రూపాయల్లో గ్యారంటీ ఇస్తే, ఆ రూపాయలు తెచ్చివ్వగలిగే రిజర్వు బ్యాంకు ఉంది. అప్పటి ఆస్ట్రియాలో షిల్లింగు బంగారంతో ముడిపడి ఉంది. జాతీయ బ్యాంకు క్రెడిటాన్‌స్టాల్ట్‌కు అప్పిచ్చింది. జనం ఆ షిల్లింగులు తీసుకుని ఊరుకోలేదు. వాటిని మళ్లీ జాతీయ బ్యాంకుకే తెచ్చి డాలర్లు, పౌండ్లు ఇమ్మన్నారు. బ్యాంకును కాపాడటానికి వేసిన ప్రతి షిల్లింగూ దేశపు విదేశీ నిల్వను కొరుక్కు తినడం మొదలుపెట్టింది. మే చివర్లో బ్యాంకు అప్పులకు ప్రభుత్వం గ్యారంటీ కూడా ఇచ్చింది. అప్పుడు బ్యాంకు మీద అనుమానం ప్రభుత్వం మీదికి మళ్లింది. గ్యారంటీ ఇచ్చినవాడి కన్నా గ్యారంటీ పెద్దదైతే భయం తగ్గదు, పెరుగుతుంది.

ఇక ఉన్న దారి బయటి సాయం. స్విట్జర్లాండులోని బాసెల్‌లో అంతకుముందు ఏడాదే పెట్టిన అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు ఆధ్వర్యంలో 11 కేంద్ర బ్యాంకులు కలిసి 10 కోట్ల షిల్లింగుల అప్పు కుదిర్చాయి. అది కుదరడానికే మే నెలాఖరైంది. జూన్ మొదటి వారంలోనే ఆ డబ్బు అయిపోయింది. రెండోసారి అడిగితే ఫ్రాన్స్ షరతు పెట్టింది. ఆ ఏడాది మార్చిలో ఆస్ట్రియా, జర్మనీ తమ మధ్య సుంకాలు లేని కస్టమ్స్ యూనియన్ పెట్టుకుంటామని ప్రకటించాయి. అది వదులుకుంటేనే డబ్బు అని ఫ్రాన్స్ పట్టుపట్టింది. జూన్ 16న ఆస్ట్రియా ప్రభుత్వమే పడిపోయింది. ఆ పూట గండం గడవడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఒంటరిగా 15 కోట్ల షిల్లింగులు ఇచ్చింది.

లిక్విడిటీ సంక్షోభంలో సొమ్ము ఎంత అన్నదానికంటే ఎప్పుడు, ఎంత తిరుగులేకుండా ఇచ్చారన్నదే ముఖ్యం. మూడు వారాలు బేరమాడి ఇచ్చిన డబ్బు మొదటి రోజు ఇచ్చిన దానిలో నాలుగో వంతు పని కూడా చేయదు. ఇది పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు, లిక్విడిటీ డెస్క్ మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.

బెర్లిన్: 40 శాతం లెక్క

వియన్నా నుంచి బెర్లిన్‌కు భయం చేరడానికి ఆ రెండు దేశాల మధ్య పెద్ద అప్పులేమీ ఉండనక్కర్లేదు. న్యూయార్క్‌లో, లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న బ్యాంకర్‌కు రెండూ ఒకే ఫైల్లో ఉండేవి. ఆస్ట్రియాలో ఇరుక్కున్న డబ్బు బయటికి రాదని తెలిశాక, ఇంకా బయటికి తీయగలిగిన చోటు నుంచి తీసేయాలనిపిస్తుంది. ఆ చోటు జర్మనీ.

జర్మనీ పరిస్థితి ముందే సున్నితంగా ఉంది. యుద్ధ నష్టపరిహారం కట్టాలి. ఊళ్లలో భవనాలు, ఫ్యాక్టరీలు కట్టుకోవాలి. దీనికంతటికీ 1924 నుంచి అమెరికా అప్పులే ఆధారం. 1928లో వాల్ స్ట్రీట్ వేడెక్కి అమెరికా డబ్బు ఇంటిదారి పట్టాక జర్మన్ బ్యాంకులు స్వల్పకాలిక విదేశీ డిపాజిట్ల మీద బతకసాగాయి. మూడు నెలల్లో తిరిగి ఇవ్వాల్సిన డబ్బు తెచ్చి ఏళ్ల తరబడి తిరిగిరాని చోట పెట్టారు. ఏ దేశం బ్యాంకుల్లోనైనా నేను మొదట వెతికే లక్షణం ఇదే.

జూన్ 6న ఛాన్సలర్ బ్రూనింగ్ ఖర్చులు తగ్గించే కొత్త ఆర్డినెన్సు తెస్తూ, ప్రజలు మోయగలిగిన భారం ఇక హద్దు చేరిందని, నష్టపరిహారం ఇలా కట్టుకుంటూ పోలేమని ప్రకటన చేశారు. స్వదేశంలో ఓటర్ల కోసం అన్న మాట అది. విదేశీ డిపాజిటర్లకు మాత్రం ఈ దేశం అప్పు ఎగ్గొట్టబోతోందన్నట్టు వినిపించింది. జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ నుంచి బంగారం పోవడం మొదలైంది.

ఇక్కడ చిన్న లెక్క చేసి చూపిస్తాను. అంకెలు నావి, నిబంధన అసలుది. రైష్‌బ్యాంక్ జారీ చేసిన నోట్ల విలువలో కనీసం 40 శాతం బంగారం, విదేశీ మారకద్రవ్యం రూపంలో ఉండాలని చట్టం. నోట్లు 100, నిల్వ 40 ఉన్నాయనుకుందాం. సరిగ్గా గీత మీద ఉన్నట్టు. ఒక విదేశీ డిపాజిటర్ 10 మార్కులు తెచ్చి డాలర్లు పట్టుకెళ్లాడు. ఇప్పుడు నోట్లు 90, నిల్వ 30. నిష్పత్తి 33 శాతానికి దిగింది. మళ్లీ 40కి రావాలంటే 30 నిల్వకు 75 నోట్లే ఉండాలి. అంటే ఇంకో 15 మార్కులు దేశంలోని వ్యాపారుల చేతుల్లోంచి లాగేయాలి. 10 మార్కుల బంగారం పోతే మొత్తం 25 మార్కుల డబ్బు మాయమవ్వాలి.

అసలు ఉపద్రవం ఇక్కడుంది. బ్యాంకుల ముందు జనం క్యూ కట్టినప్పుడు కేంద్ర బ్యాంకు చేయాల్సింది ధారాళంగా అప్పివ్వడం. బంగారం నిబంధన చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. అప్పులు ఆపు, వడ్డీ పెంచు, నోట్లు లాగు. అధికారులకు తెలివి లేక ఇలా చేయలేదు. ఎనిమిదేళ్ల కిందే, 1923లో, మార్కు విలువ కాగితం ముక్కకు దిగిన దేశం అది. ఆ 40 శాతం గీత దాటితే మళ్లీ ఆ రోజులొస్తాయని జనమూ నమ్మారు, పాలకులూ నమ్మారు.

జూన్ 20న అమెరికా అధ్యక్షుడు హూవర్ యుద్ధ అప్పులు, నష్టపరిహారాల చెల్లింపులన్నిటినీ ఏడాది పాటు ఆపుదామని ప్రతిపాదించారు. మంచి పని. ఒక్క వారం పాటు ఊపిరి వచ్చింది. ఫ్రాన్స్ ఒప్పుకునేసరికి జూలై 6 అయింది. ఈలోపు బ్రెమెన్‌లో నార్డ్‌వోలె అనే పెద్ద ఉన్ని కంపెనీ లెక్కల్లో దాచిపెట్టిన భారీ నష్టాలు బయటపడ్డాయి. నష్టాల్ని హాలండ్‌లోని ఒక అనుబంధ కంపెనీలోకి నెట్టి చూపించకుండా ఉంచారు. ఆ ఒక్క కంపెనీకి దానత్ బ్యాంక్ ఇచ్చిన అప్పు దాని సొంత మూలధనానికి దరిదాపుల్లో ఉంది. దానత్ జర్మనీలోని అతి పెద్ద బ్యాంకుల్లో ఒకటి.

రైష్‌బ్యాంక్ అధ్యక్షుడు హాన్స్ లూథర్ జూలై రెండో వారంలో విమానమెక్కి లండన్, పారిస్ తిరిగి అప్పు అడిగారు. ఆ రోజుల్లో కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు విమానంలో పరుగెత్తడమే పెద్ద వార్త. ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. జూలై 13 సోమవారం దానత్ తలుపులు తెరవలేదు. మిగతా బ్యాంకుల మీద జనం పడ్డారు. తర్వాతి రెండు రోజులు దేశమంతా బ్యాంకులకు సెలవు ప్రకటించారు. ఆ వారమే విదేశీ మారకం మీద ఆంక్షలు వచ్చాయి. ప్రభుత్వం పెద్ద బ్యాంకుల్లో డబ్బు పోసి వాటాలు తీసుకుంది. జర్మనీ పేరుకు బంగారం విలువను పట్టుకునే ఉంది కానీ మార్కును స్వేచ్ఛగా బయటికి పట్టుకెళ్లే రోజులు పోయాయి.

జర్మనీ ఇక్కడో కూడలిలో నిలబడింది. ఆంక్షలు పెట్టాక బంగారం పారిపోదు కాబట్టి ఇక ఖర్చు పెంచవచ్చు. బ్రూనింగ్ అలా చేయలేదు. డిసెంబరు 8న ఇంకో ఆర్డినెన్సుతో జీతాలు, అద్దెలు, ధరలు, వడ్డీలు అన్నీ చట్టం పెట్టి తగ్గించారు. 1932 ఆరంభానికి రిజిస్టరైన నిరుద్యోగులు 60 లక్షలు. 1928లో 2.6 శాతం ఓట్లు వచ్చిన నాజీ పార్టీకి 1932 జూలైలో 37.3 శాతం వచ్చాయి. ఆ పార్టీ పెరగడానికి ఇదొక్కటే కారణమని అననుగానీ, 1931 జూలై తర్వాత కూడా పొదుపే చేసిన ప్రభుత్వం దానికి దారి వెడల్పు చేసిందని మాత్రం గట్టిగా నమ్ముతాను.

లండన్: జరగదనుకున్నది జరిగింది

జర్మనీలో డబ్బు స్తంభించిపోయాక ప్రశ్న ఒక్కటే. జర్మనీకి ఎక్కువ అప్పిచ్చింది ఎవరు? లండన్‌లోని బ్యాంకులు, హుండీలకు పూచీ ఉండే మర్చంట్ సంస్థలు. వాటి డబ్బు బెర్లిన్‌లో ఇరుక్కుందంటే, వాటి దగ్గర డబ్బు దాచుకున్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. దానత్ మూతపడిన ఆ వారమే లండన్ నుంచి బంగారం పోవడం మొదలైంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటును జూలైలోనే రెండున్నర నుంచి నాలుగున్నర శాతానికి పెంచింది.

జూలై 31న ప్రభుత్వ ఖర్చుల మీద సర్ జార్జ్ మే అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక వచ్చింది. బడ్జెట్ లోటు 12 కోట్ల పౌండ్లకు చేరుతుందని, నిరుద్యోగ భృతిని 20 శాతం కోయాలని అది చెప్పింది. ఇంట్లో గుట్టును ప్రపంచానికి చాటినట్టయింది. న్యూయార్క్ బ్యాంకర్లు అప్పివ్వాలంటే కోతలు చూపించాల్సి వచ్చింది. రామ్‌సే మాక్‌డొనాల్డ్ లేబర్ మంత్రివర్గం భృతి కోత మీద రెండుగా చీలిపోయి ఆగస్టు 24న రాజీనామా చేసింది. మాక్‌డొనాల్డే కన్సర్వేటివ్‌లతో కలిసి జాతీయ ప్రభుత్వం పెట్టి భృతి 10 శాతం తగ్గించారు.

కోతలు చేస్తే నమ్మకం తిరిగొస్తుందన్నది ఆనాటి పెద్దలందరి మాట. పరీక్ష సెప్టెంబరు 15న జరిగింది. స్కాట్లండ్‌లోని ఇన్వర్‌గార్డన్ రేవులో నావికులు జీతాల కోతకు నిరసనగా ఓడలు కదిలించడానికి నిరాకరించారు. బ్రిటిష్ నౌకాదళంలో తిరుగుబాటు అన్న వార్త విన్నాక ఎవరి డబ్బు లండన్‌లో ఉంటుంది? సెప్టెంబరు 21 సోమవారం బ్రిటన్ పౌండుకు బంగారం ఇవ్వడం ఆపేసింది. 4.86 డాలర్లుండే పౌండు డిసెంబరుకల్లా 3.40 కన్నా కిందికి జారింది.

ప్రళయం వస్తుందనుకున్నవాళ్లకు ఏమీ రాలేదు. లండన్‌లో ధరలు పేలిపోలేదు. బ్యాంకులు కూలలేదు. తొమ్మిది నెలల్లో వడ్డీ రేటు 2 శాతానికి దిగింది. చవక వడ్డీతో ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది. కొన్ని వారాల కిందే దిగిపోయిన లేబర్ మాజీ మంత్రి సిడ్నీ వెబ్, ఇలా చేయవచ్చని తమకెవరూ చెప్పలేదని అన్నాడని అంటారు. ఆ ఒక్క మాటలో నాకు ఈ కేసు మొత్తం కనిపిస్తుంది. ఒక మంత్రివర్గం తనను తాను కూల్చుకుంది పేదల భృతి కోసి బంగారాన్ని కాపాడాలా అన్న ప్రశ్న మీద. ఆ బంగారాన్నే వదిలేయవచ్చన్న ఆలోచన వాళ్ల బల్ల మీదికి రాలేదు.

స్వీడన్ వారం తిరక్కుండా బంగారం వదిలి, దేశంలో ధరల స్థాయిని నిలబెట్టడమే ఇక కేంద్ర బ్యాంకు లక్ష్యమని ప్రకటించింది. జపాన్ డిసెంబరులో వదిలింది. ఆర్థిక మంత్రి తకహషి కొరెకియో రుణం తెచ్చి ప్రభుత్వ ఖర్చు పెంచాడు, జపాన్ అందరికన్నా ముందే తేరుకుంది. మాంద్యంలో ప్రభుత్వమే ఖర్చు పెంచాలని వాదించిన ఆర్థికవేత్త కీన్స్ ప్రధాన గ్రంథం వచ్చింది 1936లో. అంటే సిద్ధాంతం పూర్తవ్వకముందే ఆచరణ మొదలైంది. కీన్స్ పుస్తకం చదివి ప్రభుత్వాలు మారాయని చెప్పడం వరస తప్పిన కథ. బంగారం వదిలేయక తప్పని స్థితి వచ్చాక చేతులు విడుదలయ్యాయి, ఆ తర్వాతే ఆ చేతులతో ఏం చేయవచ్చన్న ఆలోచన పెరిగింది. ఫ్రాన్స్ 1936 దాకా బంగారాన్ని వదల్లేదు, మిగతావాళ్లు లేస్తున్నప్పుడు అది ఇంకా కుంగుతూనే ఉంది.

అమెరికాకు తిరుగు దెబ్బ

పౌండు పడ్డ రోజు హాలండ్ కేంద్ర బ్యాంకు తన విదేశీ మారక నిల్వల్లో పెద్ద భాగం పౌండ్లలో ఉంచుకుని తన మూలధనమంతా పోగొట్టుకుంది. అది చూసిన మిగతా కేంద్ర బ్యాంకులు డాలరు విషయంలో మళ్లీ అలా కాకూడదని డాలర్లు ఇచ్చేసి బంగారం తీసుకున్నాయి. కాబట్టి అమెరికా నుంచి బంగారం ఉప్పెనలా పోయింది.

న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ అక్టోబరు 9న వడ్డీ రేటును ఒకటిన్నర నుంచి రెండున్నర శాతానికి, వారం తర్వాత మూడున్నరకు పెంచింది. అప్పటికే పనిచేసేవాళ్లలో ఆరుగురిలో ఒకరికి పని లేదు, బ్యాంకులు వరసగా మూతపడుతున్నాయి. ఆ ఒక్క 1931లోనే 2,293 బ్యాంకులు చెల్లింపులు ఆపేశాయి. వియన్నాలో మొదలైన దాన్ని అయోవా, ఒహాయో ఊళ్లలోని చిన్న బ్యాంకులకు అంటించింది షేర్ మార్కెట్ కాదు, ఈ వడ్డీ పెంపు. మరుసటి ఏడాది బడ్జెట్ సరిచేయడానికి పన్నులు కూడా పెంచారు. 1933కల్లా నిరుద్యోగం నాలుగో వంతు.

1933 మార్చి 6న కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించారు. వారంలో కొత్త చట్టం తెచ్చి, పరీక్షించి బాగున్నవాటిని తెరిపించారు. మార్చి 12 రాత్రి రేడియోలో మాట్లాడి బ్యాంకు ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో చెప్పారు. తెరిచాక జనం క్యూ కట్టింది డబ్బు తిరిగి వేయడానికి. ఏప్రిల్‌లో డాలరును బంగారం నుంచి విడదీశారు. మార్చి నుంచి జూలై లోపు పారిశ్రామికోత్పత్తి సగానికి పైగా పెరిగింది. ఆ తర్వాత మళ్లీ ఒడిదుడుకులు వచ్చాయి, మాంద్యం పూర్తిగా పోవడానికి ఏళ్లు పట్టింది. అయినా మలుపు తిరిగిన చోటు అదే.

నా వృత్తికి దగ్గరైన మార్పు డిపాజిట్ బీమా. 1934 జనవరి 1 నుంచి ఒక్కో డిపాజిటరుకు 2,500 డాలర్ల దాకా ప్రభుత్వ పూచీ వచ్చింది. కొన్ని నెలల్లో దాన్ని 5,000కు పెంచారు. రూజ్‌వెల్ట్‌కే మొదట్లో ఇది ఇష్టం లేదు. ప్రభుత్వం పూచీ ఉంటే బ్యాంకర్లు విచ్చలవిడిగా అప్పులిస్తారన్నది ఆయన భయం, అందులో నిజముంది కూడా. కానీ వియన్నాతో పోల్చి చూడండి. అక్కడ గ్యారంటీ సంక్షోభం మధ్యలో, బంగారం హద్దు లోపల, బ్యాంకు మొత్తానికి ఇచ్చారు. ఇక్కడ ముందుగానే, ఒక పరిమితి పెట్టి, నోట్లు అచ్చువేయగల ప్రభుత్వం ఇచ్చింది. మొదటిది భయాన్ని పెంచింది, రెండోది క్యూలనే లేకుండా చేసింది.

మన దగ్గరికి ఎలా వచ్చింది

వియన్నా కథలో కృష్ణా డెల్టాకు ఏం పని అనుకోవచ్చు. లింకు రూపాయి. 1927 నుంచి రూపాయి విలువ బ్రిటన్ డబ్బులో 1 షిల్లింగు 6 పెన్నీలుగా కట్టేసి ఉంది. పౌండు పడిన 1931 సెప్టెంబరు 21నే భారత ప్రభుత్వం ఆర్డినెన్సుతో రూపాయికి పౌండ్లు, బంగారం అమ్మే బాధ్యతను ఆపింది. అదేరోజు లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్ రూపాయి పౌండుతోనే, అదే రేటున ఉంటుందని ప్రకటించారు. ఢిల్లీ ఆర్డినెన్సు మూడు రోజుల్లో మారిపోయింది. అంటే తమ మారకాన్ని ఎలా నడుపుకోవాలో తేల్చుకునే హక్కును బ్రిటన్, స్వీడన్, జపాన్ తీసుకున్నాయి, ఇండియాకు మాత్రం అది దక్కలేదు.

పౌండుతో పాటు రూపాయి కూడా బంగారంతో పోలిస్తే పడింది. తులం 21 రూపాయల చిల్లర ఉండే బంగారం కొద్ది నెలల్లో 30కి చేరువైంది. ధాన్యం ధర మాత్రం అప్పటికే సగానికి దగ్గరగా పడిపోయి ఉంది. అప్పు, శిస్తు రూపాయల్లో మారకుండా ఉన్నాయి. ఎకరాకు 8 రూపాయల శిస్తు అనుకుందాం. బస్తా 4 రూపాయలున్నప్పుడు రెండు బస్తాలు అమ్మితే సరిపోయేది. బస్తా 2 రూపాయలైతే నాలుగు అమ్మాలి. అప్పు మీద వడ్డీ కూడా అంతే. ఎవరూ రేటు పెంచకుండానే రైతు భారం రెట్టింపైంది. దీని మీద కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తును తిరిగి నిర్ణయించే రీసెటిల్‌మెంట్ పేరుతో శిస్తు రూపాయికి మూడణాలు పెంచే పని పెట్టుకుంది మద్రాసు ప్రభుత్వం. రైతు సంఘాలు ఎదురు తిరగడం, ఎన్.జి. రంగా లాంటివాళ్లు ఊరూరా తిరిగి సభలు పెట్టడం ఆ నేపథ్యంలోనే.

ధాన్యం అమ్మితే చాలక, ధర పెరిగిన బంగారాన్ని జనం అమ్మారు. ఇంట్లో నగలు వడ్డీకి, శిస్తుకు పోయాయి. బొంబాయి ఓడల మీదుగా వందల కోట్ల రూపాయల బంగారం తర్వాతి ఏళ్లలో లండన్‌కు చేరింది. తరతరాలుగా బంగారాన్ని దిగుమతి చేసుకున్న దేశం దాన్ని ఎగుమతి చేయడం మొదలుపెట్టింది. లండన్ అధికారులకు అది ఊరట. పౌండు నిలదొక్కుకోవడానికి, వడ్డీ 2 శాతానికి దిగడానికి మన ఇళ్ల బంగారం కూడా తోడ్పడింది. ఈ ముక్క ఐరోపా కథ చెప్పేవాళ్లు చాలామంది వదిలేస్తారు, అందుకే దీన్ని గట్టిగా చెబుతున్నాను.

ప్రభుత్వం పాత్ర గురించిన ఆలోచన ఇక్కడ మారడానికి ఇంకొన్నేళ్లు పట్టింది, అది కూడా వేరే రూపంలో. రూజ్‌వెల్ట్‌కు ఉన్న డబ్బు అచ్చువేసే అధికారం మద్రాసు రాష్ట్రానికి లేదు. దాని చేతిలో ఉన్నది అప్పుల చట్టం. 1937లో అధికారంలోకి వచ్చిన రాజగోపాలాచారి మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు. అసలుకు రెండింతలు ఇప్పటికే కట్టి ఉంటే ఆ అప్పు తీరినట్టే లెక్క. 1932 అక్టోబరు 1 నుంచి చేసిన అప్పులకు వడ్డీని 5 శాతం చొప్పున తిరిగి లెక్కకట్టాలి.

ఇద్దరు వ్యక్తులు ఇష్టపడి రాసుకున్న ప్రోనోటులో వేలు పెట్టి, ధరలు పడిపోవడం రుణగ్రస్తుడి తప్పు కాదు కాబట్టి ఆ నష్టంలో కొంత రుణదాత మోయాలని ఒక శాసనసభ చెప్పింది. పదేళ్ల కిందట అయితే ఆ మాట ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ వినిపించేది కాదు. దీనికి హద్దులూ ఉన్నాయి. పాత అప్పు తేలికైంది కానీ వడ్డీ వ్యాపారులు కొత్త అప్పు ఇవ్వడానికి జంకారు. ఆ ఖాళీ నింపాల్సిన సహకార భూ తనఖా బ్యాంకులు అప్పటికింకా చిన్నవే. ఇక రైతు మీద రెట్టింపైన భారంలో రెండో సగం ఉంది కదా, శిస్తు బకాయి, దాన్ని ఈ చట్టం ముట్టుకోలేదు. ప్రభుత్వానికి రావాల్సిన బాకీలు దాని పరిధిలో లేవు.